84, 90, 53: సదిశల పటాన్ని దిద్దేటప్పుడు దేనికి ఎన్ని మార్కులు?

ప్రశ్న: సార్, ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు స్లిప్ టెస్ట్ పెట్టాను. 60 న్యూటన్లు, 40 న్యూటన్ల బలాలు 60° కోణంలో ఉన్నాయి, త్రిభుజ పద్ధతిలో గానీ సమాంతర చతుర్భుజ పద్ధతిలో గానీ పటం గీసి ఫలిత బలం కనుక్కోండి అని ఇచ్చాను. 5 మార్కులు. పిల్లలకు 84, 86, 88, 90 ఇలా రకరకాలుగా వచ్చాయి. కొందరికి ఏకంగా 53. ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చు? జవాబు తప్పయినా పటం ఉంటే మార్కులు వేయాలా?

జవాబు:

1 సెం.మీ. = 10 న్యూటన్లు అనే స్కేలుతో గీసినవాళ్లకు 85 నుంచి 89 దాకా ఏది వచ్చినా పూర్తి మార్కులు వేసేయండి. 60 న్యూటన్ల బలాన్ని P, 40 న్యూటన్ల బలాన్ని Q అనుకుంటే, ఫలిత బలం దిశ P తో 21° నుంచి 25° మధ్య ఉంటే చాలు. 84, 90 వచ్చినవాళ్లకు సాధారణంగా ఒక మార్కు పోతుంది, అంతే. 53 వచ్చినవాళ్ల సంగతి మాత్రం అంకె చూసి తేల్చలేం. ఆ ఒక్క అంకె వెనక కనీసం మూడు వేర్వేరు తప్పులు ఉంటాయి. వాటిలో ఒకదానికి నేను 4 వేస్తాను, ఇంకొకదానికి 2 మాత్రమే వేస్తాను.

నేను ఐదు మార్కులు ఇలా పంచుకుంటాను. స్కేలు రాసినందుకు ఒకటి. రెండు సదిశలూ ఆ స్కేలు ప్రకారం సరైన పొడవుతో, సరైన కోణంలో, బాణం గుర్తుతో గీసినందుకు ఒకటి. వాటిని సరిగ్గా అమర్చినందుకు ఒకటి, అంటే త్రిభుజమైతే మొదటిదాని మొన దగ్గర రెండోదాని తోక, సమాంతర చతుర్భుజమైతే రెండు తోకలూ ఒకే చోట. ఫలిత సదిశను సరైన చోట మొదలుపెట్టి సరైన వైపు బాణం పెట్టినందుకు ఒకటి. కొలిచి పరిమాణం, దిశ రాసినందుకు చివరిది. చివరి జవాబుకు ఒక్క మార్కేనా అని కొందరు లెక్చరర్లు నాతో వాదిస్తారు. పటం గీయమని అడిగాం కాబట్టి మార్కులు పటానికే పోవాలని నా ఉద్దేశం. అంకే కావాలనుకుంటే ఫార్ములాతో చేయమని అడిగితే సరిపోతుంది.

2 న్యూటన్ల తేడా ఎందుకు ఒప్పుకోవాలి?

అసలు విలువ ఇది:

```
R = √(P² + Q² + 2PQ cos θ)
  = √(3600 + 1600 + 2400) = √7600 ≈ 87.2 N

tan α = Q sin θ / (P + Q cos θ) = 34.64 / 80
α ≈ 23.4°
```

మన స్కేలులో ఫలిత సదిశ 8.7 సెం.మీ. ఉండాలి. ఇప్పుడు పిల్లవాడి చేతిలో ఏమున్నాయో చూడండి. మి.మీ. గీతలున్న ప్లాస్టిక్ రూలరు, అరిగిన పెన్సిలు, కంపాస్ బాక్సులో వచ్చిన చిన్న కోణమాని. Q పొడవులో 1 మి.మీ. తేడా వస్తే ఫలిత పొడవు 0.8 మి.మీ. మారుతుంది. P లో 1 మి.మీ. తేడా వస్తే 0.9 మి.మీ. మారుతుంది. కోణం 2° అటూ ఇటూ అయితే మరో 0.8 మి.మీ. చివరికి కొలిచేటప్పుడు కంటికి అందని అర మి.మీ. ఉండనే ఉంది. ఇవన్నీ ఒకే వైపు కూడడం అరుదు కాబట్టి 2 మి.మీ., అంటే 2 న్యూటన్లు న్యాయమైన హద్దు. మంచి పెన్సిలుతో జాగ్రత్తగా గీసిన పిల్లలు 86, 88 మధ్యలోనే ఉంటారు. 85, 89 కూడా తప్పు కాదు.

స్కేలు మారితే ఈ హద్దు కూడా మారుతుందని గుర్తుంచుకోండి. ఎవరైనా 1 సెం.మీ. = 20 న్యూటన్లు తీసుకుంటే పటం సగమైపోతుంది, ఫలిత సదిశ 4.4 సెం.మీ. మాత్రమే వస్తుంది. చేతి తప్పు అదే 2 మి.మీ. అనుకున్నా అది 4 న్యూటన్లు అవుతుంది. స్కేలు ఎంచుకునే స్వేచ్ఛ పిల్లలకే ఇచ్చాం కాబట్టి అలాంటివాళ్లకు 83 నుంచి 91 దాకా ఒప్పుకుంటాను. కానీ పక్కన "పటం పెద్దగా గీయి" అని రాస్తాను. మరీ చిన్నగా, 1 సెం.మీ. = 40 న్యూటన్లు అని గీస్తే స్కేలు మార్కులో అర తగ్గిస్తాను. అంత చిన్న పటంలో కోణమాని గీతల దాకా సదిశలే చేరవు.

84 వచ్చిన పేపర్లు

వీటిలో చాలావాటికి కారణం బాణం మొన. పిల్లవాడు ఫలిత సదిశ చివర పెద్ద బాణం గీస్తాడు. తర్వాత కొలిచేటప్పుడు మొన చివరిదాకా కాకుండా, బాణం రెక్కలు మొదలయ్యే చోటిదాకా కొలుస్తాడు. 3 మి.మీ. అక్కడే పోయింది. 8.7 కాస్తా 8.4 అయింది. మీరు రూలరు పెట్టి తోక నుంచి మొన చివరిదాకా కొలవండి. 8.7 ఉంటే పటం మొత్తం సరైనదే, కొలత మాత్రమే తప్పు. 4 వేయండి. దిశ కూడా సరిగ్గా రాసి ఉంటే నేను నాలుగున్నర వేస్తాను.

పటం మీద కూడా నిజంగా 8.4 ఉంటే అప్పుడు కోణం కొలవండి. Q 60° దగ్గర కాకుండా 67° దగ్గర ఉండొచ్చు. అప్పుడు తప్పు రెండో మార్కులో, అంటే సదిశ గీసిన చోట. కొలత తన పటానికి సరిపోయింది కాబట్టి చివరి మార్కు అతనికి ఇవ్వాలి. ఒక తప్పుకు ఒక్కసారే మార్కు తగ్గాలి. Q కోణం తప్పినందుకు ఒకటి, దానివల్ల జవాబు తప్పినందుకు మరొకటి తగ్గించడం అన్యాయం.

90 వచ్చిన పేపర్లు

ఇది కాస్త తమాషా తప్పు. చవక ప్లాస్టిక్ రూలర్లలో అంచుకూ సున్నా గీతకూ మధ్య 3, 4 మి.మీ. ఖాళీ ఉంటుంది కదా. కొందరు పిల్లలు సున్నా గీతను కాకుండా రూలరు అంచునే బిందువు దగ్గర పెడతారు. ఖాళీ 4 మి.మీ. అనుకుందాం. P ని 6 అనుకుని 6.4 గీస్తారు, Q ని 4 అనుకుని 4.4 గీస్తారు. ఈ రెండింటికీ 60° కోణంలో అసలు ఫలితం 9.4 సెం.మీ. దాన్ని కూడా అంచు నుంచే కొలుస్తారు కాబట్టి 9.0 అని చదువుతారు. జవాబు 90 న్యూటన్లు.

ఈ పేపరును గుర్తుపట్టడం తేలిక. మూడు గీతలూ ఒకే మోతాదులో ఎక్కువ ఉంటాయి, దిశ మాత్రం 24° దగ్గర, అంటే హద్దులోనే ఉంటుంది. తప్పు ఒకటే కాబట్టి పొడవుల మార్కు తగ్గించి మిగతావి ఇచ్చేస్తాను. "సున్నా గీత నుంచి కొలువు" అని పేపరు మీద రాస్తే చాలామందికి అర్థం కాదు. రూలరు తెప్పించి చూపించాలి. ఈ అలవాటు వదలకపోతే ప్రాక్టికల్స్‌లో కూడా ఇదే తిప్పలు.

53 వచ్చిన పేపర్లు

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. 52.9 అనేది ఊరికే వచ్చిన అంకె కాదు. P, Q ల మధ్య 120° ఉంటే ఫలితం అంతే. P నుంచి Q ని తీసేసినా అంతే. రెండు లెక్కల్లోనూ ఆ 2400 కలవాల్సింది పోయి తగ్గిపోతుంది. కాబట్టి 53 చూడగానే కలపడంలో తప్పా, కోణంలో తప్పా అని పటంలో వెతకాలి.

మొదటి రకం: సమాంతర చతుర్భుజం చక్కగా గీస్తారు, కానీ తోకలు కలిసిన మూల నుంచి వెళ్లే కర్ణాన్ని వదిలేసి రెండో కర్ణం గీస్తారు. ఇది P మొనను Q మొనతో కలిపే గీత. అది కూడిక కాదు, తీసివేత. స్కేలు, సదిశలు, అమరిక మూడూ సరైనవే కాబట్టి 3 వేస్తాను. ఫలితం మార్కు, కొలత మార్కు రెండూ పోతాయి. కొలత తన గీతకు సరిపోయింది కదా అని ఇక్కడ నేను చివరి మార్కు ఇవ్వను, ఎందుకంటే తను కొలిచింది ఫలిత సదిశనే కాదు. ఈ పిల్లల్లో చాలామంది దిశ రాయరు, గమనించండి. ఆ గీత తోకలున్న మూలను తాకదు కాబట్టి కోణమాని ఎక్కడ పెట్టాలో వాళ్లకు తోచదు.

రెండో రకం మొదటిదానికి చుట్టమే. త్రిభుజ పద్ధతి అని పైన రాస్తారు, కానీ రెండు తోకలూ ఒకే బిందువు దగ్గర పెట్టి మొనలు రెండూ కలిపి త్రిభుజం అంటారు. త్రిభుజమైతే వచ్చింది, త్రిభుజ పద్ధతి మాత్రం రాలేదు. ఇక్కడ అమరిక మార్కు కూడా పోతుంది. స్కేలుకూ సదిశలకూ కలిపి 2.

మూడో రకం కోణం తప్పు. ఇది రెండు దారుల్లో వస్తుంది. సమాంతర చతుర్భుజంలో అయితే కోణమాని మీద లోపలి వరుస బదులు బయటి వరుస చదివి 120° దగ్గర చుక్క పెడతారు. త్రిభుజంలో అయితే P మొన దగ్గర త్రిభుజం లోపలి కోణాన్ని 60° చేస్తారు. అసలు అక్కడ లోపలి కోణం 120° ఉండాలి. P ని మొన దాటి ముందుకు పొడిగించి, ఆ పొడిగింపు నుంచి 60° తిరగాలి. పేపరులో P మొన తర్వాత చుక్కల గీత ఉందా అని మొదట చూడండి. ఆ పొడిగింపు గీసే అలవాటున్న పిల్లలు ఈ తప్పు చేయగా నేను చూడలేదు.

ఈ మూడో రకంలో పటం మిగతా అంతా పద్ధతిగా ఉంటుంది. ఫలిత సదిశ మొదటి తోక నుంచి చివరి మొనకు వెళ్తుంది, పొడవు 5.3 సెం.మీ., దిశ P తో 41°. పిల్లవాడు 53 న్యూటన్లు, 41° అని రెండూ రాసి ఉంటే తన పటానికి తను నిజాయితీగా కొలిచాడన్నమాట. Q దిశ తప్పినందుకు ఒకటి తగ్గించి 4 వేస్తాను. త్రిభుజంలో లోపలి కోణం తీసుకోవడం భావన తెలియకపోవడమే కాబట్టి రెండు తగ్గించాలనేవాళ్లు ఉన్నారు, అందులోనూ న్యాయం ఉంది. ఏదో ఒకటి అనుకుని క్లాసంతటికీ అదే పాటించండి, అంతే.

పొడవు సరే, దిశ మాటేమిటి?

పరిమాణం 87 అని సరిగ్గా వచ్చినా దిశలో తేడాలుంటాయి. ఫలిత బాణాన్ని వెనక్కి తిప్పిన పేపర్లు వస్తాయి. త్రిభుజంలో మూడు బాణాలూ ఒకదాని వెంట ఒకటి గుండ్రంగా తిరుగుతుంటే మొత్తం సున్నా అని అర్థం. అంటే అతను గీసింది ఫలిత బలాన్ని కాదు, దాన్ని సరితూచే బలాన్ని. నాలుగో మార్కు పూర్తిగా పోతుంది. ఫలితం మొదటి తోక నుంచి చివరి మొనకే వెళ్లాలి.

ఇంకొకటి, 37° అని రాసినవాళ్లను తొందరపడి కొట్టేయకండి. ఫలిత సదిశ P తో 23.4° చేస్తే Q తో 36.6° చేస్తుంది. "Q తో 37°" అని రాసి ఉంటే అది పూర్తిగా సరైన జవాబు. ఉత్త "37°" అని రాసి వదిలేస్తే అర మార్కు తగ్గిస్తాను. నిజానికి ఉత్త "23°" అని రాసినా అదే అర మార్కు తగ్గించాలి. మనకు కావాల్సిన అంకె కనబడగానే దేనితో అన్నది చూడకుండా టిక్ పెట్టేస్తుంటాం. పిల్లలు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు దీని మీదే గొడవకు వస్తారు.

Q ని P కి పైవైపు గీయాలని గానీ, P అడ్డంగానే ఉండాలని గానీ ప్రశ్నలో లేదు. కాబట్టి కిందికి గీసినా, పటం మొత్తం ఏటవాలుగా ఉన్నా, Q ముందు గీసి తర్వాత P గీసినా మార్కులు తగ్గవు.

ముందే లెక్క కట్టి, తర్వాత పటం గీసినవాళ్లు

మీరు అడగలేదు గానీ మీ కట్టలో ఇవి తప్పకుండా ఉంటాయి. జవాబు "87.18" అని ఉంటుంది. రూలరు మీద 8.718 సెం.మీ. ఎవరికీ కనబడదు. మి.మీ. సగం దాకా చదవగలరేమో, అంటే 87 లేదా 87.5. ఇలాంటి పేపరు కనబడితే ఫలిత సదిశను మీరే కొలవండి. 8.7 ఉంటే అనుమానం ఉన్నా మార్కు ఇచ్చేసి, "కొలత ఇంత సూక్ష్మంగా రాదు" అని రాయండి. పటంలో 8.2 ఉండి జవాబు 87.18 అయితే కొలవలేదని రుజువైనట్టే. చివరి మార్కు లేదు. పటానికి రావాల్సిన మిగతా మార్కులు మామూలుగా వేయాలి. ఫార్ములా వాడినందుకు అదనపు శిక్ష వద్దు. తన జవాబును సరిచూసుకోవడానికి లెక్క కట్టుకోవడం మంచి అలవాటే.

పటం అసలు లేకుండా ఫార్ములా ఒక్కటే రాసినవాళ్లకు నేను ఒక మార్కు వేస్తాను. మీరు సున్నా వేసినా తప్పు పట్టలేం, ప్రశ్నలో పటం గీయమని స్పష్టంగా ఉంది.

స్కేలు రాయనివాళ్లు, రెండు స్కేళ్లు వాడినవాళ్లు

స్కేలు రాయకుండా 6 సెం.మీ., 4 సెం.మీ. గీసి 87 న్యూటన్లు అని రాస్తే ఏ స్కేలు వాడాడో మనకు తెలుస్తూనే ఉంది. అయినా ఆ ఒక్క మార్కు పోతుంది, మిగతావి పోవు. P కి 1 సెం.మీ. = 10 న్యూటన్లు, Q కి 1 సెం.మీ. = 20 న్యూటన్లు అని తీసుకున్నవాళ్లు కూడా ఉంటారు. 6, 2 సెం.మీ. గీస్తారు, ఫలితం 7.2 సెం.మీ. వస్తుంది. దాన్ని ఏ స్కేలుతో గుణించాలో వాళ్లకే తెలియదు. ఇది తీవ్రమైన తప్పు. స్కేలు మార్కుతో పాటు చివరి మార్కు కూడా తీసేస్తాను.

త్వరగా దిద్దాలంటే

పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ఒకటి తీసుకుని, మార్కర్ పెన్నుతో 1 సెం.మీ. = 10 న్యూటన్ల స్కేలులో సరైన పటం గీసి పెట్టుకోండి. ఫలిత సదిశ మొన చుట్టూ 2 మి.మీ. వ్యాసార్ధంతో చిన్న వృత్తం గీయండి. షీటును పేపరు మీద పెట్టి P ని P మీద కలపండి. Q కిందికి గీసినవాళ్లకు షీటు తిరగేస్తే సరి. పిల్లవాడి మొన వృత్తంలో పడితే పొడవూ దిశా రెండూ ఒకే చూపులో తేలిపోయినట్టే, ఇక బాణాలూ రాతా చూసుకుంటే చాలు. వృత్తంలో పడని పేపర్లకే రూలరు తీయండి. షీటును మాత్రం జిరాక్స్ తీయించకండి. జిరాక్స్‌లో సైజు కొద్దిగా మారొచ్చు, 2 మి.మీ. హద్దు పెట్టుకున్నప్పుడు అది చాలు కొంప ముంచడానికి.

పేపర్లు ఫోన్‌లో ఫొటో తీసి పంపితే సెం.మీ. కొలతకు అర్థం ఉండదు. అప్పుడు నిష్పత్తులు చూడండి. స్క్రీన్ మీద Q పొడవు P లో 0.67 వంతు ఉండాలి, ఫలితం P కి 1.45 రెట్లు ఉండాలి. ఫొటో ఏటవాలుగా తీస్తే కోణాలు కూడా మారతాయి. అందుకే అలాంటప్పుడు గ్రాఫ్ పేపరు మీద గీయమంటాను. గళ్లు చతురస్రంగా కనబడకపోతే మళ్లీ ఫొటో పంపమంటాను.

ఇంకో జాగ్రత్త, వచ్చేసారి ప్రశ్న ఇచ్చేటప్పుడు. ఇవే బలాలు 150° కోణంలో ఇస్తే ఫలితం 32.3 న్యూటన్లే, అంటే పటంలో 3.2 సెం.మీ. అంత పొట్టి గీతకు మొన 1 మి.మీ. పక్కకు జరిగితే దిశ దాదాపు 2° మారిపోతుంది. 87 న్యూటన్ల పటంలో అదే 1 మి.మీ. జరిగితే ఒక డిగ్రీ కూడా మారదు. కాబట్టి గురుకోణాలు ఇచ్చినప్పుడు పరిమాణానికి 2 న్యూటన్ల హద్దు ఉంచినా, దిశకు 4° దాకా ఒప్పుకోండి. లేదా 1 సెం.మీ. = 5 న్యూటన్లు అని స్కేలు మీరే ఇచ్చేయండి. 12 సెం.మీ., 8 సెం.మీ. గీతలు పరీక్ష పేపరులో హాయిగా పడతాయి.